సిగ్నల్ బాగుంటే డేటా పోతుంది, బాగాలేకపోతే బ్యాటరీ పోతుంది

నల్లగొండ జిల్లా పల్లెల్లో రీచార్జ్ షాపు దగ్గర కాసేపు నిలబడితే ఒక ఫిర్యాదు వినపడుతుంది. "టవర్ లేనప్పుడే నయముండె. ఒకటిన్నర జీబీ రాత్రిదాకా వస్తుండె. టవర్ పడ్డంక పగటికే అయిపోతున్నది." వినడానికి విడ్డూరంగానే ఉంటుంది. సిగ్నల్ మెరుగైతే నెట్ తొందరగా ఎందుకు అయిపోవాలి? చూసే వీడియోలు అవే, చూసే టైమూ అంతే. కంపెనీవాళ్లే మీటరు తిప్పుతున్నారని గట్టిగా నమ్మేవాళ్లూ ఉన్నారు.

ఫిర్యాదు నిజమే. కారణం మాత్రం మీటరులో లేదు, వీడియో యాప్‌లో 'ఆటో' అనే ఒక్క మాటలో ఉంది. వీడియో క్వాలిటీని ఆటోలో వదిలేస్తే, దారి ఎంత వెడల్పుగా ఉంటే యాప్ అంత పెద్ద బండిని తోలుతుంది. పాత టవర్ దూరంగా ఉన్న రోజుల్లో దారి ఇరుకు కాబట్టి 240p, 360p బొమ్మతో సరిపెట్టేది. ఊరి పక్కనే టవర్ పడ్డాక అదే ఫోన్‌లో, అదే సీరియల్‌ను 720p లోనో 1080p లోనో చూపిస్తోంది. ఆరు అంగుళాల తెర మీద ఆ తేడా చూసేవాళ్ల కంటికి పెద్దగా ఆనదు. ప్యాక్‌కు మాత్రం బాగా తెలుస్తుంది.

ఎంత తేడా అనేది లెక్కవేయడం కష్టమేం కాదు. వీడియో ఎంత డేటా తింటుందో చెప్పేది దాని బిట్‌రేట్, అంటే సెకనుకు ఎన్ని మెగాబిట్లు దిగుతున్నాయన్నది. సెకనుకు 1 మెగాబిట్ చొప్పున దిగితే నిమిషానికి 7.5 ఎంబీ, గంటకు 450 ఎంబీ. ఈ ఒక్క లెక్క గుర్తుంటే చాలు. 360p వీడియో సాధారణంగా అర మెగాబిట్ దగ్గర నడుస్తుంది, అంటే గంటకు 225 ఎంబీ. 720p ఒకటిన్నర మెగాబిట్ దగ్గర ఉంటే గంటకు 675 ఎంబీ. 1080p మూడు మెగాబిట్లు దాటితే గంటకు 1350 ఎంబీ పైమాటే. రోజుకు 1.5 జీబీ ప్యాక్ 360p లో ఆరున్నర గంటలకు పైగా వస్తుంది, 720p లో రెండుంబావు గంటలు కూడా నిండవు. టవర్ రాకముందు రాత్రిదాకా, వచ్చాక పగటిదాకా అన్న మాటకు అర్థం ఇదే.

ఈ అంకెలు అన్ని వీడియోలకూ ఒకేలా ఉండవు. 720p అంటే బొమ్మలో ఎన్ని చుక్కలున్నాయో చెప్పే మాట, ఎంత డేటా పడుతుందో చెప్పే మాట కాదు. బొమ్మ ఎంత కదిలితే అంత డేటా కావాలి. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే కుర్రాడు చూసే క్లాసులో బోర్డు కదలదు, సారు చెయ్యి మాత్రమే కదులుతుంది. మారని భాగాన్ని మళ్లీ మళ్లీ పంపాల్సిన పని లేదు కాబట్టి ఆ క్లాసు 720p లో చూసినా తక్కువలోనే పోతుంది. అదే 720p లో క్రికెట్ మ్యాచో, డ్యాన్స్ పాటో పెడితే పచ్చిక, జనం, లైట్లు అన్నీ ప్రతి క్షణం మారుతుంటాయి. డేటా రెండింతలైనా ఆశ్చర్యం లేదు. అయితే చాలామంది చేసేది దీనికి తలకిందులు. పాటకు హెచ్‌డీ కావాలంటారు, నెట్ మిగలాలని క్లాసును 240p లో పెట్టి బోర్డు మీద అక్షరాలు కనపడక కళ్లు చిట్లిస్తారు.

ఆటో ఎలా నిర్ణయిస్తుందో కొంచెం చూస్తే మిగతా సంగతులు సులువవుతాయి. సర్వర్‌లో ఒకే వీడియోకు 144p నుంచి పైదాకా విడివిడి కాపీలుంటాయి. ఒక్కో కాపీ కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి ఉంటుంది. యాప్ ఒక ముక్క దింపుకుంటుంది, అది ఎంత వేగంగా వచ్చిందో చూస్తుంది, ముందు ఎంత నిల్వ ఉందో చూస్తుంది, తర్వాతి ముక్కను ఏ కాపీలోంచి తేవాలో తేల్చుకుంటుంది. చూసేటప్పుడు బొమ్మ ఒక్కసారి మసకబారి మళ్లీ తేరుకునేది అందుకే. ఈ లెక్కంతటిలో ప్యాక్‌లో ఎంత మిగిలిందన్న ప్రశ్న ఎక్కడా లేదు. వీడియో ఆగకుండా, వీలైనంత నాణ్యంగా నడవాలన్నదే ఆటో పని. పొదుపు దానికి ఎవరూ అప్పగించలేదు.

పైనుంచి క్వాలిటీ తగ్గిస్తే ఏమవుతుందో దేశమంతా ఒకసారి చూసింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే నెట్‌వర్క్‌ల మీద భారం పడకూడదని పెద్ద స్ట్రీమింగ్ కంపెనీలన్నీ కలిసి, మొబైల్ నెట్‌వర్క్ మీద వీడియోలను కొన్నాళ్లపాటు 480p కి మించకుండా కట్టడి చేశాయి. ఫోన్‌లో చూసేవాళ్లలో ఆ మార్పును గమనించనివాళ్లూ ఉండొచ్చు.

యూట్యూబ్‌లో ఈ కట్టడి మన చేతిలోనే ఉంది, కానీ రెండు చోట్ల ఉంది. అక్కడే పొరపాటు జరుగుతుంది. వీడియో నడుస్తుండగా గేర్ గుర్తు నొక్కి క్వాలిటీ మారిస్తే ఆ మార్పు ఆ వీడియోకే. తర్వాతి వీడియో మళ్లీ మామూలు సెట్టింగ్‌తో మొదలవుతుంది. "తగ్గించినం గానీ మళ్ల అట్లనే అయితున్నది" అనేవాళ్లు చేసింది ఇదే. నిలిచి ఉండాలంటే యాప్ సెట్టింగ్స్‌లో వీడియో క్వాలిటీ అనే చోటికి వెళ్లాలి. అక్కడ మొబైల్ నెట్‌వర్క్‌కు ఒకటి, వైఫైకి ఒకటి, రెండు వేర్వేరు ఎంపికలుంటాయి. మొబైల్ నెట్‌వర్క్ కింద డేటా సేవర్ పెడితే ఇక ప్రతి వీడియో తక్కువ క్వాలిటీతోనే మొదలవుతుంది. బోర్డు కనపడాల్సిన క్లాసుకు ఆ ఒక్కదానికి గేర్ గుర్తు నొక్కి పెంచుకోవచ్చు. మామూలుకు తక్కువ, అవసరానికి ఎక్కువ. ఇలా ఉంటే ప్యాక్ నిలుస్తుంది.

వైఫై అన్న మాటలో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో ఫిక్స్‌డ్ కనెక్షన్ లేకపోయినా టీవీకో, ఇంకో ఫోన్‌కో హాట్‌స్పాట్ ఇవ్వడం పల్లెల్లో మామూలే. టీవీ దృష్టిలో అది వైఫై. దాని వెనక రోజుకు ఒకటిన్నర జీబీ సిమ్ ఉందన్న సంగతి దానికి తెలియదు. నాలుగు మెగాబిట్ల బొమ్మను ధైర్యంగా లాగుతుంది, గంటకు 1.8 జీబీ. పండుగ రోజు సినిమా ఇంటర్వెల్ దాకా వచ్చి ఆగిపోయిందంటే చాలాసార్లు జరిగింది ఇదే. టీవీ యాప్‌లోనే క్వాలిటీ తగ్గించుకోవాలి, ఫోన్‌లో తగ్గిస్తే టీవీకి పట్టదు. హాట్‌స్పాట్ తీసుకునేది ఆండ్రాయిడ్ ఫోనైతే ఆ వైఫై పేరు మీద నొక్కి, లోపల Treat as metered అని పెట్టొచ్చు. అప్పుడు ఫోన్ దాన్ని ఊరికే వచ్చే నెట్‌లా కాకుండా కొలిచి ఇచ్చే నెట్‌లా చూస్తుంది.

5జీ వచ్చాక ఈ కథకు కొత్త మలుపు వచ్చింది. రోజుకు 2 జీబీ, ఆపై ఉన్న కొన్ని ప్లాన్లలో 5జీ మీద వాడే డేటాకు లెక్క ఉండదు. నల్లగొండ పట్నంలో చదువుకునే అమ్మాయి 'హయ్యర్ పిక్చర్ క్వాలిటీ' పెట్టుకుని నెలంతా చూసినా ఇబ్బంది రాదు. సెలవుకు దేవరకొండ అవతల తండాకు వెళ్తుంది. అక్కడ దొరికేది 4జీ. లెక్క ఆ క్షణం నుంచి మొదలవుతుంది, క్వాలిటీ సెట్టింగ్ మాత్రం పట్నంలో పెట్టిందే. ఫోన్ పైన 5జీ గుర్తు పోయి 4జీ గుర్తు రావడం తప్ప వేరే హెచ్చరిక ఉండదు. గంటన్నర సినిమాకు 2 జీబీ చెల్లు. ఆ తర్వాత వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ వేగంతో గంటకు 29 ఎంబీ కూడా దిగదు. వాట్సాప్ మాటలు పోతాయి, 144p వీడియో కూడా గింగిరాలు తిరుగుతూనే ఉంటుంది. రాత్రి పన్నెండు దాకా అంతే.

ఆటోప్లే సంగతి వేరు. క్వాలిటీ అనేది చూసిన వీడియోకు ఎంత పోయిందన్న లెక్క. ఆటోప్లే అనేది చూడని వీడియోకు ఎంత పోయిందన్న లెక్క. ఇది కూడా ఒక్కటి కాదు. ఒక వీడియో అయిపోగానే దానంతటదే ఇంకోటి మొదలవడం ఒక రకం. లిస్టు కిందికి జరుపుతుంటే మధ్యలో వీడియోలు సౌండ్ లేకుండా ఆడటం ఇంకో రకం. యూట్యూబ్‌లో ఈ రెండింటికీ వేర్వేరు స్విచ్‌లున్నాయి. ఒకటి ప్లేయర్‌లోనే పైన ఉండే చిన్న స్విచ్, రెండోది సెట్టింగ్స్‌లో ఉంటుంది, దాన్ని వైఫై మీద మాత్రమే ఆడేలా పెట్టుకోవచ్చు. ఫేస్‌బుక్‌లోనూ మీడియా సెట్టింగ్స్‌లో అలాంటి ఎంపిక ఉంది. ఒకటి తీసేసి రెండూ తీసేశామనుకోవడం మామూలు పొరపాటు.

మొదటి రకానికి యూట్యూబ్ ఒక హద్దు పెట్టింది. మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు అరగంటపాటు ఫోన్‌ను ఎవరూ తాకకపోతే ఆటోప్లే ఆగిపోతుంది. వైఫై మీద ఆ హద్దు నాలుగు గంటలు. అరగంట తక్కువేమీ కాదు. 720p లో అరగంటంటే దాదాపు 340 ఎంబీ, ఒకటిన్నర జీబీ ప్యాక్‌లో ఐదో వంతు కంటే ఎక్కువ. మధ్యాహ్నం పాటలు పెట్టుకుని నిద్రపోయినవాళ్లు ఈ అరగంటను రోజూ కడుతుంటారు.

రీల్స్, షార్ట్స్ దగ్గర ఆటోప్లే స్విచ్ పనికిరాదు. అక్కడ ఆడటమే యాప్ పని. పైగా వేలు కదిపితే తర్వాతిది వెంటనే రావాలి కాబట్టి, రాబోయే వీడియోల మొదటి భాగాలను అవి ముందే దింపి పెట్టుకుంటాయి. రెండు సెకన్లు చూసి తోసేసిన రీల్‌కు దిగింది రెండు సెకన్ల డేటా కాదు, అంతకంటే ఎక్కువ. ఇక్కడ మిగిలేది ఒకటే దారి, ఆ యాప్ లోపలున్న డేటా సేవర్‌ను ఆన్ చేయడం. దాంతో ముందుగా దింపడం తగ్గుతుంది, పూర్తిగా ఆగదు.

ఇంతకీ డేటా సేవర్ అనే పేరు ఇప్పటికే రెండు మూడు చోట్ల వచ్చింది. పేరు ఒక్కటే, పనులు వేరు. యూట్యూబ్‌లో ఉన్నది బొమ్మ క్వాలిటీ తగ్గిస్తుంది. ఇన్‌స్టాలో ఉన్నది ముందుగా దింపుకోవడాన్ని తగ్గిస్తుంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఉండే డేటా సేవర్, 2016 లో ఆండ్రాయిడ్ 7 తో వచ్చినది, ఈ రెండూ చేయదు. అది చేసే ముఖ్యమైన పని ఒక్కటే. తెర మీద లేని యాప్‌లు వెనకనుంచి మొబైల్ డేటా వాడకుండా అడ్డుపడటం. తెర మీదున్న యాప్‌ను అది ఆపదు, "కాస్త చూసి వాడు" అని చెబుతుందంతే. వినాలా వద్దా అన్నది ఆ యాప్ ఇష్టం. ఐఫోన్‌లో లో డేటా మోడ్ కూడా దాదాపు ఇదే కోవలోది.

అందుకే ఫోన్‌లో డేటా సేవర్ ఆన్ చేసి, ఆటోలో వీడియోలు చూస్తూ, నెట్ మిగలలేదని విసుక్కోవడంలో అర్థం లేదు. మన ఫోన్‌లో ఏ యాప్ డేటా తింటోందో ముందు చూసుకోవాలి. సెట్టింగ్స్‌లో మొబైల్ డేటా వాడకం దగ్గర యాప్‌ల వరుస ఉంటుంది. ఒక్కో యాప్ మీద నొక్కితే రెండు అంకెలు కనిపిస్తాయి. ఫోర్‌గ్రౌండ్ అంటే తెర మీద ఉండగా వాడింది, బ్యాక్‌గ్రౌండ్ అంటే వెనకనుంచి వాడింది. ఫోన్ డేటా సేవర్ తగ్గించగలిగేది ప్రధానంగా రెండో అంకెనే.

ఒక లెక్క వేసి చూద్దాం. హాలియా దగ్గర ఒక ఊళ్లో కిరాణా కొట్టు, కొట్లో ఒక ఫోన్, రోజుకు 1.5 జీబీ ప్యాక్, బయట మంచి 4జీ సిగ్నల్ ఉందనుకుందాం. పొద్దున బేరాలు తగ్గాక నలభై నిమిషాలు సీరియల్. ఆటోలో 720p, ఒకటిన్నర మెగాబిట్. నిమిషానికి 11 ఎంబీ పైచిలుకు, మొత్తం 450 ఎంబీ. మధ్యలో హోల్‌సేల్ బండి వస్తే ఫోన్‌ను గల్లాపెట్టె మీద పెట్టి లేచారు. సరుకు దింపేసరికి ఆటోప్లే అరగంట నడిచింది, 340 ఎంబీ. మధ్యాహ్నం ఇంట్లో పిల్లవాడి చేతిలో ఇరవై ఐదు నిమిషాలు రీల్స్, నిమిషానికి 15 ఎంబీ చొప్పున వేసుకుంటే 375 ఎంబీ. వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన పెళ్లి వీడియోలు, గుడ్ మార్నింగ్ బొమ్మలు వాటంతటవే దిగినవి 120 ఎంబీ. ఇతర యాప్‌లు, కాల్స్, పేమెంట్లు కలిపి ఇంకో 200. మొత్తం 1485 ఎంబీ. పగలు మూడింటికి, మెసేజ్‌లో ఎప్పుడో వచ్చిన 50 శాతం, 90 శాతం హెచ్చరికలు చదవకుండానే, ప్యాక్ అయిపోయింది.

ఇందులో ఫోన్ డేటా సేవర్ ఒక్కటే ఆన్ చేస్తే తగ్గేది వాట్సాప్ వెనకనుంచి దింపినదాంట్లో కొంత, ఇతర యాప్‌లలో కొంత. మహా అయితే 150 ఎంబీ మిగులుతుంది, అంటే పదో వంతు. పైగా కొట్టుకు కొత్త తలనొప్పి. గిరాకీ స్కాన్ చేసి డబ్బులు పంపాడు, ఫోన్‌లో మెసేజ్ రాలేదు. కొట్టువాళ్లు టెన్షన్‌తో యాప్ తెరవగానే వచ్చి పడింది. యాప్‌ను వెనక డేటా వాడనివ్వకపోతే ఇలా జరగొచ్చు. దీనికి విరుగుడు డేటా సేవర్ లోపలే ఉంది. అన్‌రిస్ట్రిక్టెడ్ డేటా అనే లిస్టులో యూపీఐ యాప్‌కు మినహాయింపు ఇస్తే అది మామూలుగా పనిచేస్తుంది. ఇంకో సంగతి, చాలా ఫోన్లలో డేటా సేవర్ ఆన్‌లో ఉండగా హాట్‌స్పాట్ ఆన్ కాదు. ఫోన్ పాడైందని షాపుకు పట్టుకెళ్లేముందు ఇది చూసుకోవాలి.

అదే రోజును వేరే రకంగా నడిపిస్తే? యూట్యూబ్ మొబైల్ క్వాలిటీని డేటా సేవర్‌లో పెడితే సీరియల్ 360p దగ్గర నడిచి 150 ఎంబీలో అయిపోతుంది. ఆటోప్లే తీసేస్తే గల్లాపెట్టె మీది అరగంట మొత్తం మిగులు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా దగ్గర, మొబైల్ డేటా మీద ఉన్నప్పుడు ఏవీ వాటంతటవే దిగకుండా టిక్కులు తీసేస్తే 120 కాస్తా పది ఇరవైకి వస్తుంది. రీల్స్ మొండివి, నాలుగో వంతు తగ్గినా 280 దాకా పోతాయి. మొత్తం 650 ఎంబీ. సగానికి పైగా ప్యాక్ రాత్రికి మిగిలి ఉంది. ఇందులో ఫోన్ డేటా సేవర్‌ను ముట్టుకోనే లేదు.

ఇప్పుడు బ్యాటరీకి వద్దాం. డేటా సగం తగ్గింది కాబట్టి బ్యాటరీ వాడకం కూడా సగం తగ్గుతుందనుకుంటే నిరాశే. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్‌అవర్ల శక్తి. వీడియో నడిచేటప్పుడు ఫోన్ మొత్తం ఒకటిన్నర వాట్లు లాగుతోందనుకుంటే గంటకు 8 శాతం చార్జింగ్ పోతుంది. అందులో పెద్ద వాటా తెరది. 720p ని 360p చేసినా తెర వెలుతురు అంతే ఉంటుంది. బొమ్మను విప్పే పనికి ఫోన్‌లో ప్రత్యేకమైన చిప్ భాగం ఉంటుంది, అది 720p నైనా 360p నైనా పెద్ద కష్టం లేకుండా చేసేస్తుంది. కాబట్టి కొట్లోని ఆ నలభై నిమిషాలకు క్వాలిటీ తగ్గించడం వల్ల మిగిలే చార్జింగ్ కంటికి కనపడనంత. ఆటోప్లే తీసేయడం వల్ల మాత్రం తెర అరగంట ఆరిపోయి ఉంటుంది, అక్కడ 4 శాతం నికరంగా మిగులుతుంది.

పొలం గట్టు మీద ఫోన్ పెట్టి జానపద పాటలు వినేవాళ్ల సంగతి దీనికి మంచి ఉదాహరణ. నెట్ మిగలాలని 144p పెడతారు. డేటా నిజంగానే గంటకు వంద ఎంబీ లోపే అవుతుంది. కానీ ఎండలో తెర తనంతట తాను వెలుతురు పూర్తిగా పెంచుకుంటుంది. ఎవరూ చూడని ఆ బొమ్మ కోసం బ్యాటరీ కరిగిపోతుంది. తెర ఆపితే డబ్బు కట్టని యూట్యూబ్‌లో పాట ఆగిపోతుంది. అక్కడ క్వాలిటీ కంటే, వెలుతురును చేత్తో తగ్గించి ఫోన్‌ను నీడన బోర్లా పెట్టడం ఎక్కువ మేలు చేస్తుంది. పాటలకే ఉన్న ఆడియో యాప్‌లో తెర ఆపి వినడం ఇంకా మేలు.

ఒక్కోసారి డేటా పొదుపే బ్యాటరీని తింటుంది కూడా. ఏవీ1 అనే కొత్త కోడెక్, అంటే వీడియోను కుదించే పద్ధతి, అదే బొమ్మను తక్కువ డేటాలో పంపుతుంది. కానీ దాన్ని విప్పే చిప్ భాగం చాలా చవక ఫోన్లలో, పాత ఫోన్లలో లేదు. అప్పుడు ఆ పని మామూలు ప్రాసెసర్ చేయాలి, ఫోన్ వేడెక్కుతుంది. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో స్టాట్స్ ఫర్ నెర్డ్స్ ఆన్ చేసి, వీడియో నడుస్తుండగా గేర్ గుర్తు లోపల మళ్లీ అదే పేరు నొక్కితే వీడియో మీద సన్న అక్షరాల పట్టీ వస్తుంది. అందులో av01 అని కనిపించి, ఫోన్ వెనక భాగం చేతికి వేడిగా తగులుతుంటే అనుమానం అటువైపు పెట్టుకోవచ్చు.

తెర తర్వాత బ్యాటరీ తినేది మోడెమ్, అంటే టవర్‌తో మాట్లాడే భాగం. సిగ్నల్ బాగాలేకపోతే బ్యాటరీ ఎందుకు పోతుందో ఇక్కడ తెలుస్తుంది. మోడెమ్‌కు ముఖ్యం ఎన్ని ఎంబీలు దిగాయన్నది కాదు, ఎన్ని సెకన్లు మేలుకుని ఉందన్నది. చిన్న పనికి లేచినా అది వెంటనే పడుకోదు, ఇంకేమైనా వస్తుందేమోనని 4జీలో ఓ పది సెకన్లు కాచుకుని ఉంటుంది. వెనక యాప్‌లు గంటలో అరవైసార్లు విడివిడిగా దాన్ని లేపితే, దిగింది రెండు మూడు ఎంబీలే అయినా మోడెమ్ పది నిమిషాలు మేలుకున్నట్టు. ఫోన్ డేటా సేవర్ డేటా విషయంలో పెద్దగా అక్కరకు రాకపోయినా, జేబులో ఊరికే ఉన్న ఫోన్ చార్జింగ్ నిలబెట్టడంలో పనికొచ్చేది ఇందుకే.

వీడియోకు వచ్చేసరికి సిగ్నల్‌ను బట్టి లెక్క పూర్తిగా మారుతుంది. మహబూబ్‌నగర్ బస్టాండులో 20 మెగాబిట్ల వేగం దొరుకుతోందనుకుందాం. 720p లో ఒక నిమిషం వీడియో అంటే 90 మెగాబిట్లు. నాలుగున్నర సెకన్లలో దిగిపోతుంది. 360p అయితే 30 మెగాబిట్లు, ఒకటిన్నర సెకను. తేడా మూడు సెకన్లు, కాచుకుని ఉండే పది సెకన్ల ముందు అదెంత. జడ్చర్ల, కల్వకుర్తి దాటి అచ్చంపేట వైపు వెళ్తే, నల్లమల దగ్గరపడే కొద్దీ టవర్లు పలచబడతాయి. వేగం 2 మెగాబిట్లకు పడిందనుకుంటే అదే 720p నిమిషానికి 45 సెకన్లు కావాలి, 360p కి 15 సెకన్లు. ఇప్పుడు తేడా నిమిషానికి అరనిమిషం. మోడెమ్ దాదాపు ఆగకుండా మేలుకునే ఉంటుంది. పైగా దూరపు టవర్‌కు వినపడేలా గట్టిగా అరవాలి. 4జీ ఫోన్ గరిష్ఠంగా 200 మిల్లీవాట్ల దాకా సిగ్నల్ పంపగలదు, అంత పంపడానికి బ్యాటరీ నుంచి దానికి ఎన్నో రెట్లు లాగుతుంది. తెరకు తోడు ఇది చేరి మొత్తం మూడు వాట్లకు చేరితే గంటకు 16 శాతం. అచ్చంపేట బస్సు దిగేసరికి చార్జింగ్ ఏమైందో అర్థం కాకపోవడంలో వింత లేదు.

ఇక్కడ ఆటో తనంతట తాను తగ్గించుకుంటుంది కదా అనొచ్చు. తగ్గించుకుంటుంది. కానీ 2 మెగాబిట్లు ఉంటే 2 మెగాబిట్లలో పట్టేదంతా పట్టాలని చూస్తుంది, దారిని ఖాళీగా వదలదు. మోడెమ్‌కు నిద్ర దొరకాలంటే ఉన్న వేగం కంటే చాలా తక్కువ అడగాలి. ఆ పని మనం పెట్టే డేటా సేవర్ క్వాలిటీయే చేస్తుంది. సిగ్నల్ బాగున్న చోట డేటాను మాత్రమే కాపాడిన ఆ సెట్టింగ్, బాగాలేని చోట బ్యాటరీని కూడా కాపాడుతుంది. బలహీనమైన సిగ్నల్‌లో వీడియో స్టేటస్ అప్‌లోడ్ చేయడం అన్నిటికంటే ఖరీదైన పని, ఎందుకంటే అప్పుడు ఫోన్ వినడం కాదు, ఆ దూరానికి ఆగకుండా అరవాలి.

పైన కనపడే గీతలను నమ్ముకుంటే సిగ్నల్ సంగతి సరిగ్గా తెలియదు, ఒక్కో కంపెనీ ఒక్కోలా గీస్తుంది. అబౌట్ ఫోన్‌లో సిమ్ స్టేటస్ దగ్గర dBm తో ఒక మైనస్ అంకె ఉంటుంది. 4జీలో అది -90 కంటే సున్నాకు దగ్గరగా ఉంటే మంచి సిగ్నల్. -110 దాటి కిందికి పోతే వీడియో పెట్టడం చార్జింగ్‌ను ధారపోయడమే. ఇంట్లోనే వంటగదిలో -112, డాబా మీద -95 కనిపించడం మామూలే. రేకులు, కాంక్రీటు అంత పని చేస్తాయి. కిటికీ దగ్గరకు జరగడం కూడా ఒక సెట్టింగే అనుకోవాలి.

మన్ననూరు చెక్‌పోస్టు దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కాక సిగ్నల్ పోతూ వస్తూ ఉంటుంది, చాలా దూరం అసలే ఉండదు. సిగ్నల్ లేని చోట ఫోన్ ఊరుకోదు, టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది. అక్కడ క్వాలిటీ, ఆటోప్లే, డేటా సేవర్ ఏదీ ఏమీ చేయలేదు. బస్సు ఎక్కకముందే మంచి సిగ్నల్‌లో, లేదా వైఫై ఉన్న చోట, రెండు వీడియోలు తక్కువ క్వాలిటీలో డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని అడవిలో ఏరోప్లేన్ మోడ్‌లో చూస్తే మోడెమ్ పూర్తిగా పడుకుంటుంది, తెర ఒక్కటే తింటుంది. దోమలపెంట దగ్గర ఏరోప్లేన్ మోడ్ తీసి ఇంటికి ఫోన్ చేయడానికి చార్జింగ్ ఉంటుంది.